675 రూపాయలు తక్కువ: మిర్యాలగూడ రైస్ మిల్లులో ఒక పెట్టీ క్యాష్ లెక్క

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లెక్కలు చూడటానికి నెలకు రెండుసార్లు వెళ్తుంటాను. యాసంగి వడ్లు దిగే రోజులు. సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలయ్యాయంటే గేటు బయట లారీల లైను, లోపల హమాలీల కేకలు, ఆఫీసు గదిలో పేపర్ల మీదంతా ఊక దుమ్ము. అలాంటి ఒక శనివారం సాయంత్రం పెట్టీ క్యాష్ డబ్బా మళ్లీ నింపడానికి బ్యాంకు నుంచి ఎంత తీయాలో తేల్చమన్నాడు సేటు. పది నిమిషాల పని అనుకుని కూర్చుంటే రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల సంగతే ఇది.

ముందు ఏర్పాటు చెప్పాలి. ఆ మిల్లులో చిన్న ఖర్చులకు 30,000 రూపాయల ఫ్లోట్ పెట్టాం, పుస్తకాల్లో దీన్నే ఇంప్రెస్ట్ అంటారు. హమాలీల టీ టిఫిన్లు, ట్రాలీ ఆటో కిరాయి, సుతిలి, కాంటా డబ్బులు, జిరాక్సులు అన్నీ ఇందులోంచే. ఖర్చు చేసిన ప్రతిసారీ నంబరున్న వోచర్ రాయాలి, ఎక్సెల్ లిస్టులో ఎక్కించాలి. డబ్బా చూసేది ఒక్క కుర్రాడే, ఆఫీసు గుమాస్తా. ఏ క్షణంలో చూసినా డబ్బాలో ఉన్న నగదు, ఇంకా బ్యాంకు నుంచి డబ్బు తిరిగి రాని వోచర్లు, ఎవరికైనా చేతికిచ్చిన అడ్వాన్సు చిట్టీలు, ఈ మూడూ కలిపితే 30,000 రావాలి. అంతకంటే సూత్రమేమీ లేదు, కాకపోతే ఆ మూడో దాన్ని అందరూ మర్చిపోతారు.

నగదు లెక్కపెట్టేటప్పుడు నాదొక పట్టింపు. లిస్టు టోటల్ చూడకముందే డబ్బులు లెక్కపెట్టాలి, అదీ డబ్బా చూసే మనిషి ఎదురుగా, అతనితోనే. "ఎంత రావాలి అన్నా?" అని ముందే తెలుసుకుని లెక్కపెట్టే చేయికి ఆ అంకె దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. ఆరింటికి ఇక చెల్లింపులు బంద్ అని చెప్పి ఇద్దరం కూర్చున్నాం. 500వి తొమ్మిది, 200వి ఐదు, 100వి ఏడు, 50వి మూడు, 20వి నాలుగు, 10వి ఐదు, ఒక ఐదు రూపాయల బిళ్ల. మొత్తం 6,485. కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టాం.

తర్వాత లిస్టు తెరిచాం. 318 నుంచి 358 వరకు 41 వోచర్లు, కింద టోటల్ 22,840. అంటే డబ్బాలో 7,160 ఉండాలి. ఉన్నది 6,485. 675 తక్కువ.

కుర్రాడి మొహం తెల్లబోయింది. వెంటనే జేబులోంచి పర్సు తీసి, "నేను ఏస్తా అన్నా, యాడనో చిల్లర ఇచ్చేకాడ పోయుంటయి" అన్నాడు. వద్దన్నాను. మంచితనం కొద్దీ కాదు. పర్సులోంచి వేస్తే తేడా మాయమైపోతుంది, దానికి కారణం మాత్రం అలాగే ఉండిపోతుంది, ఆ తర్వాత ఎవరూ కనిపెట్టలేరు. అప్పుడే లోపలికొచ్చిన సేటుది ఇంకో దారి: "ఆరొందల డెబ్బై ఐదుకు గింత పంచాయితీ ఎందుకు, టీ ఖర్చుల రాసి సర్దెయ్ రాదు." అలా సర్దితే ఏమయ్యేదో తర్వాత చెప్తాను. సర్దలేదు కాబట్టే ఇది రాస్తున్నాను.

తేడా కనబడగానే చాలామంది చేసే పని డబ్బులు మళ్లీ లెక్కపెట్టడం. ఒకసారి పెట్టండి చాలు. నోట్లు పద్ధతిగా లెక్కపెట్టాక తప్పు ఎక్కువసార్లు లిస్టులోనే ఉంటుంది. లెక్కలు తెలిసినవాళ్లకు ఇంకో అలవాటు కూడా ఉంది, తేడాను తొమ్మిదితో భాగించి చూడటం. పక్కపక్క అంకెలు తారుమారైతే (54ని 45 అని రాస్తే) వచ్చే తేడా తొమ్మిదితో పోతుంది. 675 పోతుంది, డెబ్బై ఐదు సార్లు. నాకూ ఆశ కలిగింది. కానీ ఒక్క తారుమారుకు తేడా ఎప్పుడూ 9, 90, 900లో ఒకదానికి ఒకటి నుంచి తొమ్మిది రెట్ల లోపే వస్తుంది, అంటే 63 లేదా 180 లేదా 2,700 లాగా. 675 ఆ వరుసలో లేదు. కాబట్టి ఇది ఒక్క తారుమారు మాత్రం కాదు, వేరే రకం తప్పయినా అయ్యుండాలి, లేదంటే ఒకటికి మించి తప్పులు, బహుశా ఒకదాన్ని ఒకటి తింటున్నవి.

అందుకని లిస్టు పక్కన పెట్టి వోచర్లు చేతిలోకి తీసుకున్నాం. నంబరు వరుసలో పేర్చి, కుర్రాడు చదువుతుంటే నేను కాలిక్యులేటర్‌లో కొట్టాను, స్క్రీన్ వైపు చూడకుండా. వోచర్లన్నీ ఉన్నాయి, నంబరు ఎక్కడా ఎగరలేదు. టోటల్ 23,020 వచ్చింది. లిస్టు కంటే 180 ఎక్కువ. 180 అంటే 90కి రెండు రెట్లు, అంటే వందల స్థానంలోనూ పదుల స్థానంలోనూ రెండు తేడా ఉన్న అంకెలు అటూ ఇటూ అయ్యుండాలి. 327వ వోచర్ దగ్గర దొరికింది. రాత్రి లోడింగు రోజు హమాలీల టిఫిన్లు, వోచర్ మీద 860, టిఫిన్ సెంటరు చిట్టీ మీదా 860, లిస్టులో 680.

సరిచేస్తే తేడా 675 నుంచి 495కి దిగింది. కుర్రాడు ఊపిరి పీల్చుకున్నాడు.

ఇక్కడ చాలామంది ఆగిపోతారు, ఒక తప్పు దొరికింది, తేడా తగ్గింది, మిగతాది చిల్లర కింద పోయిందనుకుంటారు. కానీ వోచర్లు చేతిలో ఉన్నప్పుడు ఇంకో పని ఎలాగూ చేయాలి, ఒకే ఖర్చుకు రెండు వోచర్లు ఉన్నాయేమో చూడటం. E కాలమ్‌లో మొత్తాలు ఉంటే పక్క కాలమ్‌లో ఇది రాసి కిందికి లాగితే, ఏ మొత్తం ఎన్నిసార్లు వచ్చిందో తెలుస్తుంది:

```
=COUNTIF(E$2:E$42,E2)
```

ఇది దొంగను పట్టుకోదు, ఎక్కడ చూడాలో చెప్తుంది అంతే. 450 నాలుగుసార్లు వచ్చింది, అందులో వింతేమీ లేదు, బస్టాండు వైపు ట్రాలీ ఆటో కిరాయి ఎప్పుడూ 450యే. నాలుగూ టేబుల్ మీద పరిచాను. రెండింటికి లోడు వివరాలు, డ్రైవరు సంతకం, తేదీ అన్నీ సరిపోయాయి. మిగిలిన రెండు ఇలా ఉన్నాయి: 331, తొమ్మిదో తారీఖు, "మోటారు రీవైండింగుకు తీస్కపోయిన ఆటో", డ్రైవరు సంతకం ఉంది, వెనక ఏ కాగితమూ లేదు. 336, పదకొండో తారీఖు, ఊరికే "ఆటో కిరాయి", సంతకం లేదు, వెనక ఫోన్‌పే స్క్రీన్‌షాట్ ప్రింటు పిన్ను కొట్టి ఉంది. ఆ స్క్రీన్‌షాట్ మీద తారీఖు మాత్రం తొమ్మిది.

గేటు రిజిస్టర్ తెప్పించాను. పదకొండో తారీఖున ట్రాలీ ఆటో లోపలికి రానేలేదు. కుర్రాడిని అడిగితే నెమ్మదిగా గుర్తు చేసుకున్నాడు. ఆ డ్రైవరు నగదు వద్దు ఫోన్‌పే కొట్టమన్నాడట, తన ఫోన్ నుంచే కొట్టి, డబ్బాలోంచి 450 తీసుకుని 331 రాశాడు. రెండ్రోజుల తర్వాత బిల్లులు సర్దుతూ ఫోన్‌లో ఆ చెల్లింపు చూసి, దీనికి వోచర్ రాయలేదే అనుకుని ఇంకోటి రాసేశాడు.

సొంత ఫోన్ నుంచి కట్టి డబ్బాలోంచి తీసుకోవడం ఇప్పుడు ప్రతి ఆఫీసులో ఉంది. వద్దంటే పని ఆగుతుంది. కానీ అలా కట్టిన దానికి ఆధారం ఫోన్‌లో ఉంటుంది, వోచర్ ప్యాడ్‌లో ఉంటుంది, రెండూ ఒకచోటికి చేరేలోపు ఒకే ఖర్చు రెండు ఖర్చుల్లా కనబడుతుంది. కట్టిన రోజే వోచర్ మీద యూపీఐ లావాదేవీ నంబరు రాస్తే ఈ తప్పు జరగదు, ఒకే నంబరు రెండుసార్లు రాస్తుంటే చేయి తానే ఆగుతుంది.

336 మీద అడ్డంగా గీత గీసి "రద్దు" అని రాసి కట్టలోనే ఉంచాం. చించేస్తే నంబర్ల వరుస తెగిపోతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. రెండోసారి రాసిన వోచర్ తీసేస్తే ఖర్చుల టోటల్ 450 తగ్గుతుంది, అంటే డబ్బాలో ఉండాల్సిన నగదు 450 పెరుగుతుంది. తేడా 495 నుంచి 945కి ఎక్కింది. తప్పు దొరికినకొద్దీ తేడా పెరుగుతుంటే కుర్రాడికి టెన్షన్ మొదలైంది, సేటు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆయన అడిగిన ప్రశ్న సూటిగానే ఉంది: "రెండో వోచర్ రాసినప్పుడు మళ్లా నాలుగొందల యాభై తీసినవా?" కుర్రాడు తీయలేదని గట్టిగా అనలేకపోయాడు. "యాదికి లేదు సేటూ" అన్నాడు. అది నిజాయితీ గల జవాబే, కానీ ఆ గదిలో అప్పుడు అలా వినిపించలేదు.

నేను సేటుతో ఒకటే అన్నాను. తీశాడో లేదో మనిషిని అడిగి తెలుసుకోలేం, లెక్కను అడుగుదాం. అతను రెండుసార్లు తీసి ఉంటే మిగతా తప్పులన్నీ తేలాక కూడా కనీసం 450 తక్కువ నిలబడాలి. ముందు మిగతావి తేలనీయండి.

అప్పుడు మూడో దాని దగ్గరికి వచ్చాం, చేతికిచ్చిన డబ్బులు. "ఎవరికన్నా అడ్వాన్సు ఇచ్చినవా తమ్మీ?" అని అప్పటికి రెండుసార్లు అడిగాను, లేదన్నాడు. ప్రశ్న అలా అడగకూడదు. డబ్బా చూసేవాళ్ల దృష్టిలో అడ్వాన్సు అంటే జీతం మీద ఇచ్చేది. "బిల్లు తెస్తనని చెప్పి డబ్బులు తీస్కపోయి ఇంకా రానోళ్లు ఎవరు?" అని అడిగాను. "ఫిట్టర్ అన్న!" అని లేచాడు. ఎలివేటర్ బకెట్ల బోల్టులకని ఫిట్టర్ 900 తీసుకున్నాడు, చిట్టీ కూడా ఉంది. కానీ ఆ చిట్టీ డబ్బాలో కాకుండా లారీ ట్రిప్ షీట్ల ప్యాడ్ మధ్యలో దొరికింది, ఎవరో పిలిస్తే చేతిలో ఉన్న ప్యాడ్‌లో దోపి వెళ్లాడట. "బోల్టుల కోసం 900" అని రాసి ఫిట్టర్ సంతకం ఉంది. చిట్టీ ఉంది కదా అని ఊరుకోకుండా ఫోన్ చేశాను. "తీస్కున్న అన్నా, ఈడ ఆ సైజు దొరకలే, సూర్యాపేట పోయినప్పుడు తెస్తా, సోమవారం లెక్క చెప్త" అన్నాడు.

945లో 900 పోతే 45. ఎక్సెల్‌లో 327 సరిచేసి, 336ను సున్నా చేసి, ఒక ఖాళీ గడిలో ఇది కొట్టి సేటుకు చూపించాను:

```
=30000-6485-900-SUM(E2:E42)
```

45 వచ్చింది. ఖర్చులు 22,570, చిట్టీ 900, నగదు 6,485, కలిపితే 29,955. కుర్రాడు ఆ 450 రెండుసార్లు తీసుంటే ఇక్కడ 45 నిలవడానికి ఇంకెక్కడో సరిగ్గా 405 ఎక్కువ ఉండి ఉండాలి, అలాంటిదేమీ ఏ వోచర్ దగ్గరా కనబడలేదు. సేటు ఏమీ అనకుండా మూడు టీలు చెప్పాడు, అవి మాత్రం ఆయన జేబులోంచే.

ఇక్కడే ఆ తొమ్మిది సంగతి కూడా చెప్పేస్తాను. తారుమారైన అంకెల వల్ల వచ్చింది 180 ఒక్కటే. కానీ 450, 900, 45 కూడా తొమ్మిదితో పోతాయి, అందుకే మొత్తం తేడా 675 కూడా పోయింది. తొమ్మిదితో పోయిందని ఒకే తప్పు కోసం వెతుకుతూ కూర్చుంటే తెల్లారేది.

ఇక ఎంత నింపాలి? ఈ ప్రశ్నకు రెండు దారులు ఉన్నాయి, రెండూ ఒకే అంకె దగ్గర కలవాలి. ఒకటి ఫ్లోట్ వైపు నుంచి: 30,000లోంచి చేతిలో ఉన్న 6,485, చిట్టీ 900 తీసేస్తే 22,615. రెండోది వోచర్ల వైపు నుంచి: సరిచేసిన ఖర్చులు 22,570, తేలని తేడా 45, కలిపితే 22,615. కలవకపోతే చెక్కు రాయకూడదు. వోచర్ల టోటల్ చూసి 22,570 మాత్రమే తెస్తే ఫ్లోట్ 45 రూపాయలు కుదించుకుపోతుంది, ఈసారి 45, వచ్చేసారి ఇంకో 30, ఏడాది తిరిగేసరికి 30,000 అని పేరుకే ఉంటుంది. ఫిట్టర్ 900ని కూడా ఇప్పుడే కలిపి తీయొచ్చు కదా అని కుర్రాడు అడిగాడు. అది ఇంకా ఖర్చు కాలేదు, సోమవారం అతను బోల్టులే తేవొచ్చు, డబ్బులే వాపసు తేవొచ్చు. ఫ్లోట్‌లో ఒక భాగం ప్రస్తుతం ఫిట్టర్ జేబులో ఉంది, అంతే.

సేటు చెప్పినట్టు సర్దేసి ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు చూడండి. లిస్టు 22,840కి టీ పేరుతో 675 కలిపి 23,515కి చెక్కు రాసేవాళ్లం. నగదు 6,485తో కలిపి డబ్బాలో సరిగ్గా 30,000 ఉండేవి, లెక్క అద్దంలా కనిపించేది. ట్రిప్ షీట్లలో చిట్టీ అలాగే ఉండేది. సోమవారం ఫిట్టర్ బిల్లూ చిల్లరా తెచ్చిస్తే, ఏ పుస్తకంలోనూ లేని 900 రూపాయలు డబ్బా చూసే మనిషి చేతిలో పడేవి. ఆ కుర్రాడు ఏం చేసేవాడో నాకు తెలియదు, కానీ ఆ పరీక్ష మనమే పెట్టినట్టయ్యేది.

45 ఎక్కడ పోయిందో దొరకలేదు. హమాలీల టీలకు రోజూ చిల్లర లేక పదో ఐదో వదిలేస్తుంటాడు, నా అనుమానం అదే, రుజువు లేదు. దాన్ని టీ ఖర్చులో కలపకుండా "నగదు తేడా" అని విడి పద్దులో వేశాం, సేటు సంతకంతో. విడిగా వేస్తేనే అది ఎటు పోతుందో తెలుస్తుంది. అంతకుముందు రెండుసార్లు చూస్తే ఒకసారి 20 ఎక్కువ, ఒకసారి 15 తక్కువ. అటూ ఇటూ ఊగుతుంటే అది చిల్లర గొడవ. వరుసగా ప్రతిసారీ తక్కువే వస్తుంటే, మొత్తం చిన్నదైనా సరే, డబ్బా దగ్గర కూర్చోవాలి.

ట్యాలీలో ఎంట్రీ గురించి ఒక మాట. ఈ మిల్లులో వోచర్లను రోజూ ఎక్కించం, నింపేటప్పుడు ఒకేసారి పద్దులవారీగా వేస్తాం: హమాలీల టీ టిఫిన్లు 6,240, కిరాయిలు 5,350, చిన్న రిపేర్లు 4,780, ఇలా 22,570 వరకు, ఆపైన నగదు తేడా 45, మొత్తం 22,615 బ్యాంకుకు క్రెడిట్. పెట్టీ క్యాష్ లెడ్జర్ 30,000 దగ్గర కదలదు. అంతకుముందున్న గుమాస్తా చెక్కు మొత్తాన్ని పెట్టీ క్యాష్ లెడ్జర్‌కే డెబిట్ చేసేవాడు, ఖర్చులు పుస్తకంలోకి రానేరావు, లెడ్జర్ మాత్రం నెలనెలా పెరుగుతుంది. ట్రయల్ బ్యాలెన్స్‌లో పెట్టీ క్యాష్ లక్షల్లో కనిపిస్తే కారణం దాదాపు ఇదే. రోజూ వోచర్లు పేమెంటులో ఎక్కించే పద్ధతి అయితే కథ వేరు, అప్పుడు ఖర్చులు ముందే పడి ఉంటాయి, నింపడాన్ని బ్యాంకు నుంచి నగదుకు మార్చినట్టు కాంట్రాలో వేయాలి. రెండు పద్ధతులూ సరైనవే, రెండూ కలిపితేనే ఖర్చు రెండుసార్లు పడుతుంది. ఇంకొకటి, మార్చి 31 నాటికి డబ్బా నింపకపోయినా అప్పటిదాకా ఉన్న వోచర్లు ఆ సంవత్సరం ఖర్చులో వేయాల్సిందే, నింపేదాకా ఆగితే ఏప్రిల్‌లోకి జారిపోతాయి.

సోమవారం పొద్దున కుర్రాడు బ్యాంకు నుంచి 22,615 తెచ్చాడు, నేను చెప్పినట్టు రెండు వేలకు పది, ఇరవై నోట్లు అడిగి తీసుకున్నాడు. డబ్బాలో 29,100 నగదు, 900 చిట్టీ. మధ్యాహ్నం ఫిట్టర్ వచ్చి 760కి బిల్లు, 140 నగదు ఇచ్చాడు. కుర్రాడు 359వ వోచర్ 760కి రాసి, 140 డబ్బాలో వేసి, చిట్టీ మీద "ముట్టింది" అని రాసి ఫిట్టర్‌తో సంతకం పెట్టించి వోచర్‌కు పిన్ను కొట్టాడు. నగదు 29,240, వోచర్ 760. నాకు ఫోన్ చేసి చదివి వినిపించాడు. ట్రిప్ షీట్ల ప్యాడ్ ఇప్పుడు వేరే టేబుల్ మీద పెడుతున్నాడట.